బలమైన ఉక్కు పలకను చిన్న పగులు ఎలా విరుస్తుంది

లోహపు పలక ఎంత లాగుడుకు తట్టుకుంటుందో చెప్పడానికి ఇంజనీర్లు చాలాకాలం ఒకే సంఖ్య మీద ఆధారపడ్డారు. అది ఆ లోహపు బలం. 1500 మెగాపాస్కల్ బలమున్న ఉక్కు అంటే, దాని అడ్డుకోతలో ప్రతి చదరపు మిల్లీమీటరూ దాదాపు 150 కిలోల బరువును శాశ్వతంగా సాగిపోకుండా మోయగలదని అర్థం. ఇలా చదరపు మిల్లీమీటరుకు పడే భారాన్నే ప్రతిబలం అంటారు. పలక మీద పడే ప్రతిబలం ఈ బలంలో సగానికి మించకుండా చూసుకుంటే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. పలకలో ఎక్కడా పగులు లేకపోతే అది నిజమే. పగులు ఉంటే మాత్రం ఆ లెక్క పలకను కాపాడదు.

లాగుడుకు గురైన పలకలో బలం ఒక అంచు నుంచి మరో అంచుకు సమానంగా ప్రవహిస్తుంది. మధ్యలో రంధ్రం ఉంటే ఆ ప్రవాహం దాని చుట్టూ తిరిగి పోవాలి, అందుకే రంధ్రం పక్కన ప్రతిబలం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో 1913లో బ్రిటన్ ఇంజనీరు చార్లెస్ ఇంగ్లిస్ లెక్కగట్టాడు. గుండ్రటి రంధ్రం అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది. రంధ్రం కోలగా ఉండి, లాగే దిశకు అడ్డంగా దాని పొడవు వెడల్పుకు పది రెట్లుంటే, కొసల దగ్గర ప్రతిబలం 21 రెట్లకు చేరుతుంది. కొస ఎంత సన్నబడితే పెరుగుదల అంత ఎక్కువ.

ఇక్కడే ఒక చిక్కు ఎదురయింది. పగులు అంటే కొస దాదాపు సూదిమొనలా ఉండే కోల రంధ్రమే. ఇంగ్లిస్ సూత్రం ప్రకారం ఆ మొన దగ్గర ప్రతిబలానికి హద్దే ఉండదు. అలాగైతే వెంట్రుకవాసి పగులున్న వస్తువు కూడా కాస్త లాగగానే విరిగిపోవాలి. లోకంలో అలా జరగడం లేదు. పైగా పగులు పొడవుగా ఉంటే ప్రమాదం ఎక్కువని, పొట్టిగా ఉంటే తక్కువని అందరికీ అనుభవమే. మొన దగ్గరి ప్రతిబలాన్ని మాత్రమే చూస్తే ఈ తేడా ఎక్కడా కనిపించదు.

దీనికి జవాబు ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎ.ఎ. గ్రిఫిత్ దగ్గర దొరికింది. 1921లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రతిబలాన్ని పక్కనపెట్టి శక్తి లెక్క చూసింది. పగులు ముందుకు సాగితే రెండు కొత్త ముఖాలు పుడతాయి, వాటిని పుట్టించడానికి శక్తి ఖర్చవుతుంది. అదే సమయంలో లాగుడు వల్ల పలకలో దాగి ఉన్న సాగుడు శక్తి కొంత విడుదలవుతుంది. విడుదలయ్యేది ఖర్చును మించితే పగులు తనంతట తానే పరుగెడుతుంది. పగులు పొడవయ్యేకొద్దీ విడుదలయ్యే శక్తి పెరుగుతుంది కాబట్టి, ఒకసారి మొదలైన పరుగు ఇక ఆగదు. గ్రిఫిత్ గాజు మీద చేసిన ప్రయోగాలు ఈ లెక్కను నిలబెట్టాయి. విరిచే ప్రతిబలాన్ని పగులు పొడవు వర్గమూలంతో గుణిస్తే ఎప్పుడూ దాదాపు ఒకే విలువ వచ్చింది. అద్దాలు కోసేవాళ్లు వజ్రపు మొనతో ఒక గీత గీసి, కొద్దిగా వంచి అద్దాన్ని విరవడం వెనక ఉన్నది ఈ సూత్రమే.

ఉక్కుకు ఈ లెక్క నేరుగా సరిపోలేదు. ఉక్కులో పగులు సాగేటప్పుడు మొన దగ్గరి లోహం ముందు సాగి, లొంగి, ఆ తర్వాతే చీలుతుంది. ఆ లొంగుబాటు మింగే శక్తి, కొత్త ముఖాలకయ్యే శక్తి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన జార్జ్ ఇర్విన్ ఈ ఖర్చును కూడా కలుపుకొని, 1957లో మొత్తం విషయాన్ని ఒక్క రాశిలోకి తెచ్చాడు. దాని పేరు స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్. దాన్ని K అనే అక్షరంతో రాస్తారు.

K = Y σ √(πa)

ఇందులో σ అంటే పగులుకు దూరంగా పలక మీద ఉన్న ప్రతిబలం. a అంటే పగులు పరిమాణం: అంచున మొదలైన పగులుకైతే దాని లోతు, పలక మధ్యలో ఉన్నదానికైతే దాని పొడవులో సగం. Y పగులు ఆకారాన్ని, అది ఉన్న చోటును బట్టి మారే సంఖ్య. వెడల్పాటి పలక మధ్యలోని పగులుకు Y విలువ 1, అంచున ఉన్నదానికి దాదాపు 1.12. మొనకు దగ్గరయ్యేకొద్దీ ప్రతిబలం ఏ తీరులో పెరుగుతుందో అది అన్ని పగుళ్లకూ ఒకటే. తేడా ఆ పెరుగుదల తీవ్రతలోనే ఉంటుంది, ఆ తీవ్రతను చెప్పేది K. ఇర్విన్ ఆలోచనలోని గొప్పతనం ఇదే. ప్రయోగశాలలోని చిన్న ముక్కలోనూ ఓడ అడుగుభాగంలోనూ K ఒకటే అయితే, రెండు చోట్లా పగులు మొన అనుభవించేది ఒకటే. కాబట్టి చిన్న ముక్కను విరిచి, పెద్ద నిర్మాణం ఎప్పుడు విరుగుతుందో చెప్పవచ్చు.

ఆ చెప్పే సంఖ్యే ఫ్రాక్చర్ టఫ్‌నెస్. K పెరుగుతూ పోయి ఏ విలువ దగ్గర పగులు అదుపు తప్పి పరుగెడుతుందో ఆ విలువే ఆ లోహపు టఫ్‌నెస్. దీన్ని మెగాపాస్కల్ రూట్ మీటర్ అనే కొలమానంలో చెబుతారు. మామూలు గాజుకు ఇది ఒకటి కంటే తక్కువ. ఉక్కులకు రకాన్ని బట్టి పదుల నుంచి వందల దాకా ఉంటుంది.

రెండు ఉక్కు పలకలను పక్కపక్కన పెట్టి లెక్క చేస్తే సంగతి తేటపడుతుంది. మొదటిది 1500 మెగాపాస్కల్ బలం, 60 టఫ్‌నెస్ ఉన్న గట్టి ఉక్కు. రెండోది 700 బలం, 150 టఫ్‌నెస్ ఉన్న మెత్తటి ఉక్కు. రెండింటినీ వాటి వాటి బలంలో సగం దాకా, అంటే మొదటిదాన్ని 750 వరకు, రెండోదాన్ని 350 వరకు లాగారనుకుందాం. మొదటి పలకలో 60ని 750తో భాగించి, వర్గం చేసి, πతో భాగిస్తే a విలువ సుమారు 2 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే మధ్యలో మొత్తం 4 మిల్లీమీటర్ల పగులు ఉంటే చాలు, ఆ పలక రెండు ముక్కలవుతుంది. రెండో పలక విరగాలంటే పగులు దాదాపు 117 మిల్లీమీటర్లు ఉండాలి. జానెడు కాకపోయినా బెత్తెడు దాటిన ఆ పగులు తనిఖీ చేసేవాడి కంటికి తప్పకుండా కనిపిస్తుంది. నాలుగు మిల్లీమీటర్లది రంగు పూత కింద దాక్కోగలదు.

గట్టి ఉక్కు ఇంత తేలిగ్గా విరగడానికి కారణం దాని గట్టితనమే. లోహం లొంగడానికి ఇష్టపడకపోతే పగులు మొన దగ్గర లొంగే ప్రాంతం చిన్నదవుతుంది, అది మింగే శక్తీ తగ్గుతుంది. సాధారణంగా ఉక్కును గట్టిపరిచేకొద్దీ టఫ్‌నెస్ పడిపోయేది ఇందుకే. కొన్ని ఉక్కులు ఈ బేరంలో కొంత మేలు చేస్తాయి. నికెల్ ఎక్కువగా, కార్బన్ అతి తక్కువగా ఉండే మారేజింగ్ ఉక్కు అలాంటిది. బలంతోపాటు టఫ్‌నెస్ కూడా నిలుపుకొంటుంది కాబట్టే పీఎస్ఎల్‌వీ మొదటి దశ మోటారు గొట్టానికి దాన్ని ఎంచుకున్నారు. హైదరాబాద్‌లోని మిధాని ఈ ఉక్కును తయారు చేస్తుంది.

టఫ్‌నెస్ కొలిచేటప్పుడు మందం సంగతి మరవకూడదు. పలుచని రేకులో మొన దగ్గరి లోహం పక్కలకు కుంచించుకుపోయి హాయిగా లొంగుతుంది, అందువల్ల టఫ్‌నెస్ ఎక్కువగా కనిపిస్తుంది. మందపాటి పలక లోపలి లోహానికి ఆ వెసులుబాటు లేదు. చుట్టూ ఉన్న లోహం దాన్ని బిగించి పట్టుకుంటుంది, అప్పుడు వచ్చేది కనిష్ఠ విలువ. నిర్మాణాల లెక్కకు నమ్మదగింది ఈ కనిష్ఠమే. పరీక్షలో ముక్కకు ఒక గాడి కోసి, చిన్న భారాన్ని వేలసార్లు వేసి తీస్తూ గాడి అడుగున నిజమైన పగులును పుట్టిస్తారు. తర్వాత దాన్ని లాగి, పగులు నోరు ఎంత తెరుచుకుంటుందో కొలుస్తూ విరుస్తారు. చివర్లో ముక్క తగినంత మందంగా ఉందో లేదో సరిచూస్తారు. పై గట్టి ఉక్కుకు 4 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. మెత్తటిదానికి 115 మిల్లీమీటర్ల దిమ్మ కావాలి. అంత టఫ్‌నెస్ ఉన్న ఉక్కు విషయంలో ఈ సూత్రం హద్దు చేరినట్టే. అక్కడ లొంగుబాటును పూర్తిగా లెక్కలోకి తీసుకునే వేరే పద్ధతులు వాడతారు.

ఈ లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో 1969 డిసెంబర్ 22న అమెరికాలో తెలిసింది. నెవాడాలోని నెల్లిస్ వైమానిక స్థావరం దగ్గర ఎఫ్-111 యుద్ధవిమానం శిక్షణ విన్యాసం ముగించి పైకి లేస్తుండగా దాని ఎడమ రెక్క ఊడిపోయింది. ఇద్దరు సిబ్బందీ మరణించారు. ఆ విమానం అప్పటికి ఎగిరింది వంద గంటలకు కాస్త ఎక్కువ మాత్రమే. అప్పుడు రెక్క మీద పడిన భారం దాన్ని రూపొందించిన గరిష్ఠ భారంలో సగం దరిదాపుల్లోనే ఉంది.

ఎఫ్-111 రెక్కలు ఎగురుతుండగానే వెనక్కి మడుచుకుంటాయి. ఆ భారమంతా ఒక్క ఇరుసు దగ్గరి ఉక్కు బిగింపు మీద పడుతుంది. దాన్ని డీ6ఏసీ అనే అతి బలమైన ఉక్కుతో చేశారు, బలం 1500 మెగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. శిథిలాల్లో దాని కింది పలకలో సుమారు 23 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల లోతున్న అర్ధచంద్రాకారపు పగులు కనిపించింది. అది ఎగిరేటప్పుడు పుట్టింది కాదు. ఉక్కును సుత్తిపోటుతో ఆకృతి చేసే దశలోనే పుట్టి, తనిఖీలన్నింటినీ దాటుకొని వచ్చింది. ఎగిరినన్నాళ్లూ అది పెరిగింది అర మిల్లీమీటరు లోపే.

ఆ ఆకారానికి Y విలువ దాదాపు 0.93. లోతు 6 మిల్లీమీటర్లయితే, ప్రతిబలాన్ని సుమారు 0.127తో గుణిస్తే K వస్తుంది. ఉక్కు టఫ్‌నెస్ 100 అయితే పలక 790 మెగాపాస్కల్ దగ్గర విరుగుతుంది. 60 అయితే 470 దగ్గరే, అంటే బలంలో మూడో వంతు కూడా చేరకముందే. డీ6ఏసీలో ఇంత తేడా ఊహ కాదు. వేడిచేసిన ఉక్కును ఎంత త్వరగా చల్లార్చారన్నదాన్ని బట్టి దాని టఫ్‌నెస్ దాదాపు రెట్టింపు మేర మారుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. బలం మాత్రం ఎలా చల్లార్చినా ఇంచుమించు ఒకటే. కాబట్టి బలం పరీక్ష నెగ్గిన రెండు ముక్కల్లో ఏది మంచిదో, ఏది పెళుసుదో ఆ పరీక్షకు తెలిసే అవకాశమే లేదు.

మిగిలిన విమానాల్లోనూ ఇలాంటి పగుళ్లు దాగి ఉండవచ్చు. ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి ఎంచుకున్న దారి కఠినమైనదే గాని, K లెక్కను నమ్మితే తిరుగులేనిది. విమానాన్ని సుమారు మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచి, రెక్కలను గరిష్ఠ భారం దాకా వంచారు. చలిలో ఈ ఉక్కు టఫ్‌నెస్ తగ్గుతుంది, అందువల్ల విరగడానికి మరింత చిన్న పగులు చాలు. ఆ పరీక్ష నెగ్గిందంటే, ఆ చిన్న పరిమాణాన్ని మించిన పగులు అందులో లేదన్నమాట. ఆ పరిమాణం నుంచి మామూలు వాతావరణంలో విరిచేంత పెద్దదిగా పెరగడానికి పగులుకు ఎన్ని గంటల ప్రయాణం పడుతుందో లెక్కగట్టి, అంతకు ముందే మళ్లీ పరీక్షిస్తారు. కొన్ని భాగాలు పరీక్ష గదిలోనే విరిగాయి. గాలిలో విరగాల్సినవి నేల మీద విరిగాయి కాబట్టి అది పరీక్ష విజయమే.

1974లో అమెరికా వైమానిక దళం కొత్త విమానాల రూపకల్పనకు ఒక నిబంధన పెట్టింది. కీలక భాగాల్లో మొదటి రోజు నుంచే నిర్ణీత పరిమాణంలో పగులు ఉందని అనుకునే లెక్క మొదలుపెట్టాలి. అది ప్రమాదకర పరిమాణానికి చేరేలోగా తనిఖీలో దొరుకుతుందని చూపించాలి. ఆస్ట్రేలియా వైమానిక దళం తన ఎఫ్-111లను 2010 డిసెంబర్ వరకు ఎగరేసింది. అక్కడ కూడా రెక్కలను చలిలో వంచే పరీక్ష కొనసాగింది.