సీసా మీది చిరునామా

గుంటూరు దగ్గర ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఊళ్లకీ దేశాలకీ పంపించే ఒకావిడ నాకు కొన్నేళ్లుగా తెలుసు. వెబ్‌సైట్ కొత్తగా చేయించుకున్న మూడో వారంలో ఫోన్ చేశారు. "బాబూ, డాలస్ నుంచి ఒకమ్మాయి మాట్లాడిందయ్యా. పోయినేడు తెప్పించుకున్న ఆవకాయ అయిపోవచ్చిందట. మళ్లీ తెప్పించుకుందామని సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇంగ్లీషులో ఏదో రెండు ముక్కలొచ్చి ఆగిపోయిందట. మేం ఈ పని మానేశామేమో అనుకుందట."

మానెయ్యలేదు. ఆవకాయ ఉంది, ఆవకాయ పేజీ కూడా ఉంది. మారింది దాని చిరునామా ఒక్కటే. పాత సైట్‌లో అరకిలో ఆవకాయ `/avakaya-500g.html` అనే చోట ఉండేది. కొత్త సైట్ చేసినవాళ్లు దాన్ని `/pachallu/avakaya` అన్నారు. ఈ పేరే చక్కగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాత పేరు అప్పటికే వేల సీసాల మీద అచ్చయి, సముద్రాలు దాటి ఎవరెవరి వంటింటి అలమారల్లోనో కూర్చుంది. దాన్ని వెనక్కి పిలిపించి దిద్దడం ఎవరివల్లా కాదు.

ఇలాంటప్పుడు సర్వర్ చెప్పగలిగే జవాబులు ప్రధానంగా మూడు. ప్రతి జవాబుకీ ఒక అంకె ఉంటుంది. 301 అంటే "ఇక్కడినుంచి శాశ్వతంగా మారిపోయాం, కొత్త చిరునామా ఇదిగో" అని. బ్రౌజర్ మనల్ని అడక్కుండానే అక్కడికి తీసుకుపోతుంది. 404 అంటే "ఈ చిరునామాలో ఏమీ దొరకలేదు". 410 అంటే "ఒకప్పుడు ఉండేది, తీసేశాం, ఇక రాదు". ఇల్లు మారినవాళ్ల ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చేతికొచ్చినప్పుడు జరిగేదీ ఇదే. కొత్త ఇల్లు తెలిస్తే అక్కడికి చేరవేస్తాడు, తెలియకపోతే వెనక్కి పంపేస్తాడు. ఆవిడ కొత్త సైట్‌కి పాత ఇళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకే అన్నిటికీ 404 అంటూ కూర్చుంది.

ఫిర్యాదు వెళ్లగానే సైట్ చేసినవాళ్లు పది నిమిషాల్లో ఒక మందు వేశారు. దొరకని చిరునామా ఏదొచ్చినా మొదటి పేజీకి తోసెయ్యమన్నారు. చాలామంది చేసేది ఇదే. నా మటుకు నాకు ఇది 404 కన్నా అన్యాయం. 404 చూసినవాడికి కనీసం తను అడిగింది దొరకలేదని తెలుస్తుంది. ఆవకాయ కోసం వచ్చి పండగ బ్యానర్ ముందు తేలినవాడికి ఏం జరిగిందో తెలియదు. తనే ఏదో తప్పు నొక్కాననుకుంటాడు, మళ్లీ స్కాన్ చేస్తాడు, మళ్లీ అక్కడే తేలతాడు. గూగుల్ కూడా ఈ ఎత్తుని నమ్మదు. సంబంధం లేని పేజీకి మళ్లిస్తే దాన్ని "సాఫ్ట్ 404" కింద లెక్కగట్టి, పేజీ లేనట్టే చూస్తుంది.

అందుకని ఒక ఆదివారం ఆవిడా నేనూ కూర్చుని పాత చిరునామాలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించాం. పాత సైట్ సైట్‌మ్యాప్ నుంచి కొన్ని వచ్చాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పేజీల నివేదిక "దొరకలేదు" అని చూపించినవి కొన్ని. సర్వర్ లాగ్‌లో 404 పడ్డ వరసల నుంచి ఇంకొన్ని. ఈ లాగ్ తెరిస్తే కొత్తవాళ్లు బెదిరిపోతారు, ఎందుకంటే అందులో సగానికి సగం `/wp-login.php` లాంటివి ఉంటాయి. అవి మనుషులు అడిగినవి కావు, తాళం ఎక్కడ వదులుగా ఉందో తడిమి చూసే ప్రోగ్రాములు. వాటిని వదిలేసి, మన సరుకు పేరున్న వరసలే ఏరుకోవాలి. ఏ లాగ్‌లోనూ కనిపించని చిరునామాలు చివరికి ఆవిడ లోపలి గదిలో దొరికాయి. పాత లేబుళ్ల కట్టలు తెచ్చి బల్ల మీద పోశారు. ఒక్కో క్యూఆర్ కోడ్‌నీ ఫోన్‌తో స్కాన్ చేసి రాసుకున్నాం.

షీట్‌లో ఒక్కో వరసకీ నేను అడిగింది ఒకటే ప్రశ్న: ఈ చిరునామా పట్టుకొచ్చిన మనిషికి కావాల్సింది ఏమిటి?

ఆవకాయకి పాత సైట్‌లో పావుకిలో, అరకిలో, కిలో అని మూడు పేజీలుండేవి. ఇప్పుడు ఒకే పేజీలో బరువు ఎంచుకోవచ్చు. వచ్చినవాడికి కావాల్సింది ఆవకాయే కనుక మూడిటినీ ఆ పేజీకే పంపాలి. దీంట్లో ఆలోచించాల్సిందేమీ లేదు. మాగాయ సంగతి వేరు. స్టాకు అయిపోయింది, వచ్చే వేసవి దాకా రాదు. ఆవిడ ఆ పేజీ తీసేయించారు. నేను మళ్లీ పెట్టించాను. సీజన్ లేని సరుకు పేజీని తీసెయ్యకూడదు, మళ్లించకూడదు. ఆ పేజీ అక్కడే ఉండి "కొత్త మాగాయ మామిడికాయల కాలంలో వస్తుంది, మీ నంబర్ ఇస్తే కబురు చేస్తాం" అని చెప్పాలి.

మా ఇద్దరికీ వాదన వచ్చింది రొయ్యల పచ్చడి దగ్గర. మాంసాహారం పచ్చళ్లు ఆవిడ పూర్తిగా మానేశారు. "దాన్ని గోంగూరకి పంపెయ్ బాబూ, అదే మాకు బాగా పోయేది" అన్నారు. "అమ్మా, రొయ్యల పచ్చడి కావాలని దుకాణానికి వచ్చినవాడి చేతిలో మీరు మాట్లాడకుండా గోంగూర సీసా పెడతారా?" అన్నాను. కాసేపాగి, "పెట్టను. ఇప్పుడు చెయ్యట్లేదు నాయనా అని చెప్తా. గోంగూర ఉంది, చూస్తావా అంటా" అన్నారు. ఆ చిరునామాకి మేం రాసుకున్న జవాబు అచ్చం అదే. అంకె 410. పేజీ మీద ఆవిడ మాటలే, కింద గోంగూరకీ పండుమిరపకాయకీ లింకులు.

ఆవిడ సైట్ అపాచీ సర్వర్ మీద నడుస్తుంది. అక్కడ `.htaccess` అనే ఫైల్‌లో ఈ నిర్ణయాలు ఇలా చేరాయి:

```
RedirectMatch 301 ^/avakaya-(250g|500g|1kg)\.html$ /pachallu/avakaya
Redirect 410 /royyala-pachadi.html
ErrorDocument 410 /aapesam.html
ErrorDocument 404 /dorakaledu.html
```

చూడ్డానికి నాలుగు వరసలే గానీ, వీటిలో కాళ్లకి అడ్డం పడేవి ఉన్నాయి. `Redirect` అనే మాట చిరునామా మొదటి భాగం కలిస్తే చాలు, పట్టుకుంటుంది. ఎవరో `/podulu` ని `/podulu/anni` కి మళ్లించమని రాశారు. కొత్త చిరునామా కూడా `/podulu` తోనే మొదలవుతుంది కదా, దాన్నీ పట్టుకుని మళ్లీ మళ్లించింది. అలా తిరిగి తిరిగి, చివరికి బ్రౌజర్ విసిగి `ERR_TOO_MANY_REDIRECTS` అని చేతులెత్తేసింది. `ErrorDocument` ముందు `https://` తో మొదలయ్యే పూర్తి చిరునామా రాస్తే ఇంకో చిక్కు. సర్వర్ 404 అని చెప్పకుండా ఆ పేజీకి మళ్లిస్తుంది. మనిషికి తేడా కనబడదు గానీ, లేని పేజీ ఉన్నట్టే లెక్కలోకి వెళ్తుంది.

తెలుగు సైట్లకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఆవిడ వంటల పేజీలు కొన్నిటికి చిరునామాలోనే తెలుగు అక్షరాలున్నాయి. లాగ్‌లో అవి తెలుగులో కనబడవు. ఒక్క "ఆ" అక్షరమే `%E0%B0%86` అయిపోతుంది. దాన్ని అలాగే తెచ్చి `Redirect` వరసలో అతికిస్తే పనిచెయ్యదు, ఎందుకంటే అపాచీ ఆ గుర్తుల్ని ముందు అక్షరాలుగా విప్పుకుని, అప్పుడే పోల్చి చూస్తుంది. అక్కడ తెలుగు అక్షరాలే రాసి, ఫైల్‌ని యూటీఎఫ్-8 లో దాచాలి. ఈ సంగతి తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

రాసిన ప్రతి వరసనీ పరీక్షించాం. బ్రౌజర్‌లో చూస్తే చాలదు. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, తప్పు దిద్దినా పాత దారినే పోతుంటుంది. అందుకే మొదట 302 అని, అంటే తాత్కాలికం అని పెట్టి చూసుకుని, కుదిరాక 301గా మార్చాం. సర్వర్ నిజంగా ఏమంటోందో చూడాలంటే టెర్మినల్‌లో `curl -I` అని కొట్టి పక్కన పూర్తి చిరునామా ఇవ్వాలి. మొదటి వరసలో అంకె, `Location:` అన్నచోట చేరే ఊరు కనిపిస్తాయి. అలా చూస్తుంటేనే ఇంకో లోపం బయటపడింది. మధ్యలో ఒకసారి సైట్ చేసినవాళ్లు `/pickles/` అని పేరు పెట్టి తర్వాత `/pachallu/` అని మార్చారట. పాత పొడుల పేజీలు కొన్ని ముందు అక్కడికీ, అక్కణ్నుంచి ఇక్కడికీ రెండు గెంతులు వేస్తున్నాయి. గూగుల్‌బాట్ పది గెంతుల దాకా ఓర్చుకుంటుంది. పల్లెటూళ్లో అంతంతమాత్రం సిగ్నల్‌తో చూసే మనిషికి ప్రతి గెంతూ ఇంకాస్త నిరీక్షణే. పాత చిరునామాలన్నిటినీ ఆఖరి ఇంటికే నేరుగా కలిపేశాం.

ఇక ఏ షీట్‌లోనూ లేని చిరునామాలకి మిగిలేది 404 పేజీ. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు చివర తెగిపోతుంది, ఎవరో అక్షరం తప్పు కొడతారు. సైట్ చేసినవాళ్లు అక్కడ పగిలిన సీసా బొమ్మ వేసి "అయ్యో!" అని రాశారు. ఆ బొమ్మ తీయించేశాను. వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ముందు కావాల్సింది సమాచారం. ఇప్పుడా పేజీ మీద ఇలా ఉంది: "మీరు తెరిచిన లింకులో పేజీ లేదు. లింకు తెగిపోయి ఉండొచ్చు, లేదా మేం పేరు మార్చి ఉండొచ్చు. ఏ పచ్చడి కావాలో ఇక్కడ రాయండి." దాని కింద వెతుకుడు పెట్టె. అందులో తెలుగులో రాసినా, `gongura` అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా దొరుకుతుంది. ఆ కింద పచ్చళ్లు, పొడులు, స్వీట్లు, నా ఆర్డర్ ఎక్కడ అనే నాలుగు లింకులు, చివర ఆవిడ వాట్సాప్ నంబర్. ఐదు సెకన్లలో దానంతటదే మొదటి పేజీకి పోయే ఏర్పాటు వద్దన్నాను. పెద్దవాళ్లు చదవడం పూర్తికాకముందే కాళ్ల కింద నేల జరిగినట్టుంటుంది. పై పట్టీలో వాళ్లు కొట్టిన చిరునామా కూడా అలాగే ఉండాలి, తప్పు ఎక్కడుందో చూసి దిద్దుకునే వీలుంటుంది.

ఈ మళ్లింపులు ఎంతకాలం ఉంచాలని ఆవిడ అడిగారు. కనీసం ఏడాదైనా ఉంచమంటుంది గూగుల్. అది వెతుకులాట యంత్రం లెక్క, సీసాల లెక్క వేరు. ఖాళీ ఆవకాయ సీసాని మన ఇళ్లలో ఎవరూ పారెయ్యరు. కడిగి పోపుదినుసులు పోసుకుంటారు, లేబుల్ అలాగే ఉంటుంది. కాబట్టి అచ్చయిన చిరునామాల వరసలు ఎప్పటికీ తీయొద్దని చెప్పాను. ఫైల్‌లో వాటిని విడిగా ఒకచోట చేర్చి, పైన "లేబుళ్లవి, ముట్టుకోవద్దు" అని రాశాను. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మంచి చిరునామాలు మారవని 1998లోనే రాశారు. సరుకు పేరు, బరువు, `.html` లాంటివి చిరునామాలో పెట్టుకుంటే ఏదో ఒకనాడు మార్చక తప్పదు.

కొత్త లేబుళ్లు అచ్చుకి వెళ్లేముందు క్యూఆర్ కోడ్‌లన్నీ మార్పించాను. ఆవకాయ సీసా మీద ఇప్పుడున్నది `/q/1`, గోంగూర మీద `/q/2`. అక్కణ్నుంచి అసలు పేజీకి 302తో వెళ్తుంది, ఎందుకంటే ఆ పేజీ రేపు ఇంకోచోటికి మారొచ్చు. ఏ అంకె ఏ పచ్చడిదో ఆవిడ తన చిట్టా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నారు. మూడో అంకె ఎదురుగా మాగాయ అని రాసి, పక్కన పెన్సిల్‌తో "వేసవికి" అని పెట్టుకున్నారు.