ఫొటోలోనే దొరికిపోయిన పవర్ బ్యాంక్

అమలాపురంలో పవర్ బ్యాంక్ కొనబోతూ మా ఫ్రెండ్ ఒకడు ఫొటోలు పంపాడు. ముందువైపు పెద్ద అక్షరాల్లో 50000 ఎంఏహెచ్ అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో 37 వాట్ అవర్స్. లోపలి లిథియం సెల్ వోల్టేజ్ సాధారణంగా 3.7. ఆ 37ని 3.7తో భాగిస్తే 10 ఆంపియర్ అవర్స్, అంటే 10000 ఎంఏహెచ్. ముందు రాసింది ఐదు రెట్లు ఎక్కువన్నమాట!

తర్వాత బీఐఎస్ గుర్తు వెతికాను. ఇక్కడ అమ్మే పవర్ బ్యాంక్‌పై ఆ గుర్తు, ఐఎస్ నంబర్, కింద `R-` తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి. దీనిమీద సీఈ ఒక్కటే ఉంది. అది యూరప్ గుర్తు, ఇక్కడ చాలదు.

నంబర్ ఉన్నా, వేరేవాళ్లది అచ్చేసి ఉండొచ్చు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, బ్రాండ్ పేరు కలుస్తుందో చూడాలి. అన్నీ కలిసినా లోపల ఏ సెల్స్ పెట్టారో ఫొటోలో తెలీదు. మావాడు మాత్రం కొనకుండా వచ్చేశాడు.