రెండు నిమిషాల జనవరి 26

జనవరి మూడో వారం వచ్చేసరికి ఇంట్లో చిన్న అలజడి మొదలవుతుంది. నాలుగో తరగతి పిల్లో, అయిదో తరగతి పిల్లాడో బడి నుంచి వచ్చి ‘టీచర్ నన్ను స్పీచ్ చెప్పమన్నారు’ అంటారు. అమ్మో నాన్నో ఫోన్‌లో వెతికి, దొరికింది కాగితం మీదికి ఎక్కించి ఇస్తారు. అందులో మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: ‘1950 జనవరి 26న మన భారతదేశం సర్వసత్తాక, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య, గణతంత్ర రాజ్యంగా అవతరించింది.’

ఈ వాక్యంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఊపిరి. తొమ్మిదేళ్ల పిల్ల ‘లౌకిక’ దగ్గరికి వచ్చేసరికే గాలి అయిపోయి, మిగతాది గొణుగుతుంది. రెండోది చరిత్ర. 1950లో రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’, ‘లౌకిక’ అనే మాటలు లేవు. 1976లో 42వ సవరణ ద్వారా వాటిని చేర్చారు. అంటే పిల్లకు నోరు తిరగని ఆ వాక్యం నిజం కూడా కాదు. కొట్టేయడానికి మొహమాటపడక్కర్లేదు.

చిన్నపిల్లల ప్రసంగానికి కావలసింది ఒక ప్రశ్న, దానికి జవాబు, ఒక కథ. అంతకు మించి ఏం పెట్టినా వినేవాళ్లకు చేరదు, చెప్పేవాళ్లకు గుర్తుండదు. ప్రశ్న కోసం వెతుక్కోనక్కర్లేదు, పిల్లలే అడుగుతారు: ఆగస్టు 15న జెండా ఎగరేశాం కదా, మళ్లీ జనవరిలో ఎందుకు? నిజానికి చాలా ప్రసంగాలు తడబడేది ఇక్కడే. తెల్లవాళ్లను తరిమేశాం, స్వాతంత్ర్యం తెచ్చుకున్నాం అంటూ ఆగస్టు ప్రసంగాన్నే జనవరిలో మళ్లీ చెప్పేస్తారు.

జవాబు పెద్దలు ముందు తెలుసుకోవాలి. 1947లో అధికారం మన చేతికి వచ్చింది కానీ, దేశాన్ని నడపడానికి మనం రాసుకున్న రాజ్యాంగం అప్పటికి లేదు. బ్రిటిష్‌వాళ్లు చేసిన 1935 నాటి చట్టాన్నే మార్పులతో వాడుకున్నాం. పేరుకు ఆరవ జార్జి మనకూ రాజే. ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఉండేవారు, మొదట మౌంట్‌బాటన్, తరవాత రాజాజీ. రాజ్యాంగ సభ 1946 డిసెంబరులో కూర్చుని, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. అది అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26న రాజు పాత్ర ముగిసింది, బాబూ రాజేంద్ర ప్రసాద్ తొలి రాష్ట్రపతి అయ్యారు.

ఇక కథ. గాంధీ, నెహ్రూ, అంబేద్కర్ పేర్లు మిగతా పిల్లలందరూ చెబుతారు. మన పిల్ల దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెబితే సభ తల తిప్పి చూస్తుంది. ఆవిడ రాజమండ్రిలో పుట్టారు, రాజ్యాంగ సభలో సభ్యురాలు. పైగా ఆ కథ జరిగేటప్పటికి ఆవిడా చిన్నపిల్లే. ప్రసంగం ఇలా ఉండొచ్చు:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, ఇక్కడికి వచ్చిన పెద్దలకు నా నమస్కారాలు. నా తోటి విద్యార్థులందరికీ గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు.

మనకు స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టు 15న. మరి ఈ రోజు పండుగ ఎందుకు?

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మనకు సొంత రాజ్యాంగం లేదు. ఇంగ్లండ్ రాజే పేరుకు మనకూ రాజు. అందుకని మన పెద్దలు కూర్చుని, దేశం ఎలా నడవాలో రాశారు. దానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ముసాయిదా రాసిన కమిటీకి డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులు. 1950 జనవరి 26న ఆ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి మనకు రాజు లేడు. మనం ఓటేసి ఎన్నుకున్నవాళ్లే దేశాన్ని నడుపుతారు.

ఆ రాజ్యాంగ సభలో మన తెలుగావిడ దుర్గాబాయి గారు కూడా ఉన్నారు. ఆమె చిన్నప్పుడు కాకినాడలో ఒక ప్రదర్శన జరిగింది. గేటు దగ్గర టికెట్లు చూసే పని ఆమెది. నెహ్రూ గారు టికెట్ లేకుండా వచ్చారు. ఆమె లోపలికి పంపలేదు. టికెట్ కొన్నాకే పంపారు. రూలు అందరికీ ఒకటే. మన రాజ్యాంగం కూడా అదే చెబుతుంది.

అందరికీ మరోసారి గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు. జై హింద్!’

కాకినాడ సంగతి 1923 నాటి కాంగ్రెస్ మహాసభలది. అప్పటికి దుర్గాబాయికి పద్నాలుగేళ్లు. నిర్వాహకులు కంగారుపడి నెహ్రూకి టికెట్ కొనిచ్చారని, ఆ పిల్లను ఆయన మెచ్చుకున్నారని ప్రసిద్ధం. ప్రసంగంలో ఇవన్నీ చెప్పించనక్కర్లేదు. టీచర్ ఎవరైనా తరవాత అడిగితే చెప్పగలిగేలా పిల్లకు ముందే చెప్పి ఉంచితే చాలు.

ఈ ప్రసంగం నిదానంగా చదివినా రెండు నిమిషాల్లో అయిపోతుంది. చలిలో, ఖాళీ కడుపుతో వరసల్లో నిలబడ్డ పిల్లలు వినేది అంతసేపే. వాక్యాలు పొట్టిగా ఉండటానికి మరో కారణం కూడా ఉంది. మధ్యలో ఒక వాక్యం మరిచిపోయినా, తరవాతి వాక్యం నుంచి అందుకోవచ్చు. పొడుగు వాక్యంలో ఒక్క మాట జారితే మొత్తం ఆగిపోతుంది.

కాగితం ఇచ్చి బట్టీ పట్టమనకండి. ముందు రెండుసార్లు పైకి చదివించండి, మీరు పక్కనే కూర్చుని వినండి. ఎక్కడ మాట మధ్యలో ఊపిరి తీసుకుందో అక్కడ వాక్యాన్ని విరవండి. ఎక్కడ అర్థం తెలియక గొంతు చదునుగా మారిందో అక్కడ మాట మార్చండి. ‘ముసాయిదా’ పలకలేకపోతే ‘రాజ్యాంగం చిత్తుప్రతి రాసిన కమిటీ’ అనొచ్చు. అంకెలను అక్షరాల్లోనే రాసివ్వండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు ‘1950’ని చూసి ‘నైన్టీన్ ఫిఫ్టీ’ అనేస్తారు, తెలుగు వాక్యం మధ్యలో తడబడతారు. ‘పంతొమ్మిది వందల యాభై’ అని రాసి ఉంటే ఆ ఇబ్బంది రాదు.

‘మరి ఈ రోజు పండుగ ఎందుకు?’ అన్న తరవాత మనసులో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగమనండి. చెప్పడం తేలికే, పిల్లలు ఆగరు. మైకు ముందు నిలబడగానే ప్రతి ఒక్కరికీ వేగం పెరుగుతుంది. ఆ ఒక్కచోట ఆగడం అలవాటైతే, మిగతా ప్రసంగం దానంతటదే నెమ్మదిస్తుంది. మైకు పెద్దల ఎత్తులో ఉంటే దించమని టీచర్‌కి ముందే చెప్పాలి. మునివేళ్ల మీద నిలబడ్డ పిల్లకు కథ ఏం గుర్తుంటుంది!

ఎన్నో గణతంత్ర దినోత్సవం అన్న అంకె చెప్పించాలనుకుంటే జాగ్రత్త. 1950 జనవరి 26నే మొదటిదిగా లెక్కిస్తారు కాబట్టి ఆ ఏడాది నుంచి 1949 తీసేయాలి, 1950 కాదు. 2026లో జరిగింది 77వది. గడిచిన ఏళ్లు మాత్రం 76. వేదిక మీది బ్యానర్ల మీదే ఈ లెక్క తప్పుతుంటుంది.

ఏడెనిమిది తరగతుల పిల్లలకైతే ఇంకో ప్రశ్న కలపొచ్చు. నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఎందుకు ఆపారు? 1929 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్ సంపూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించింది. మరుసటి నెల 26న దేశమంతా ఆ ప్రతిజ్ఞ చేశారు. తరవాత ఏటా ఆ తేదీనే స్వాతంత్ర్య దినంగా జరుపుకునేవారు. అసలు స్వాతంత్ర్యం ఆగస్టులో వచ్చేసరికి జనవరి 26కి పని లేకుండా పోయింది. ఆ తేదీని వదులుకోవడం ఇష్టం లేకే, రాజ్యాంగాన్ని దానికోసం అట్టేపెట్టారు.