మాటలు తగ్గాలి, భావం కాదు

గంటన్నర వీడియోలోని మాటలన్నీ రాసుకున్నాకే అసలు పని మొదలవుతుంది. ఒక నేత కార్మికుడు ఇలా చెప్పాడనుకుందాం: ‘‘అంటే... మగ్గం, అదే, మా నాన్న మగ్గం... ఓ ఇరవై ఏళ్ల కిందట అమ్మేశామనుకుంటానండీ.’’ దీన్ని ‘‘మా నాన్న మగ్గాన్ని ఓ ఇరవై ఏళ్ల కిందట అమ్మేశామనుకుంటానండీ’’ అని రాయొచ్చు. ‘అంటే’, ‘అదే’ పోయినా నష్టం లేదు. ‘ఓ’, ‘అనుకుంటా’ మాత్రం తీయకూడదు. తీస్తే ఆయన సందేహంగా చెప్పింది మన చేతిలో రూఢి అయిపోతుంది.

ఒకే సంగతి మూడుచోట్ల వస్తే ఒకచోటికి చేర్చొచ్చు. కానీ ఒక ప్రశ్నకిచ్చిన జవాబును వేరే ప్రశ్నకు అతికించకూడదు.

‘‘సర్కారు బాగానే ఆదుకుంది’’ అన్న మాట కాగితం మీద మెప్పులా ఉంటుంది. వీడియోలో ఆయన నవ్విన తీరు చూస్తేనే అది ఎత్తిపొడుపని తెలుస్తుంది. అక్కడ ‘(నవ్వుతూ)’ అని చేర్చాలి. అచ్చుకు పంపేముందు ప్రతి జవాబునూ వీడియోతో మరోసారి సరిచూడండి.