కలిసి కొన్న వేరుశనగ: గది అద్దె ఎవరి వాటా ఎంత?

పై వీడియోలో మీరు చూసిన గదిలోని వేరుశనగ బస్తాలు మా ముగ్గురివి. నాది ఫిల్మ్‌నగర్‌లో చిన్న కట్టె గానుగ. జూబ్లీహిల్స్‌లో ఒక అన్నకు, ఒక అక్కకు కూడా గానుగలున్నాయి. ఇక్కడి అద్దెలకు షాపులో ఐదారు బస్తాలకు మించి పెట్టుకోలేం. అందుకే యాసంగి పంట రాగానే అచ్చంపేట వైపు రైతుల దగ్గర కలిసి కొని, చేవెళ్ల దారిలో ఒక గది తీసుకున్నాం.

మొత్తం 100 బస్తాలు, ఒక్కోటి 40 కిలోలు. అన్నకు 40, నాకు 40, అక్కకు 20. ఎవరి డబ్బు వాళ్లం కాటా దగ్గరే రైతు ఖాతాలో వేశాం. ఒకరి కోసం ఇంకొకరు అప్పు పెట్టలేదు. విడిగా చిన్న బండిలో తెస్తే కిరాయి బస్తాకు 225 పడేది, లారీలో 90 పడింది. అక్కడికక్కడే డబ్బులిచ్చినందుకు క్వింటాలుకు 100 తగ్గించారు. రెండూ కలిపి బస్తాకు 175 మిగిలింది.

పేచీ అద్దె దగ్గర వచ్చింది. నెలకు 3,000 చొప్పున నాలుగు నెలలకు 12,000. కొన్న బస్తాల లెక్కన బస్తాకు 120 వేశాం. అన్న సరుకు మొదటి నెలలోనే అయిపోయింది. "నా బస్తా ఒక్కటీ లేని మూడు నెలలకు నేనెందుకు కట్టాలి తమ్ముడూ?" అన్నాడు. న్యాయమే కదా!

అప్పటి నుంచి 'బస్తా-నెల' లెక్క పెట్టాం. ఒక బస్తా ఒక నెల గదిలో ఉంటే ఒకటి. అన్నవి 40. నేను నెలాఖరుకు పదేసి తీశాను కాబట్టి 40, 30, 20, 10, మొత్తం 100. అక్క రెండు నెలలకోసారి పది తీసింది, 20, 20, 10, 10, మొత్తం 60. అన్నీ కలిపి 200, అంటే ఒక్కోదానికి 60 రూపాయలు. అన్న 2,400, నేను 6,000, అక్క 3,600 కట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. అద్దె పోగా అన్నకు బస్తాకు 115 మిగిలింది, నాకు 25. అక్కకైతే 5 రూపాయలు ఎదురు పడింది! సమానంగా పంచినప్పుడు ఇది కనబడలేదు. అందుకే ఈసారి అక్క రెండు నెలలకు సరిపడా 10 బస్తాలే తీసుకుంటోంది. లారీ నిండడానికి మిగతావి అన్న తీసుకుంటున్నాడు.

ఇంకో మాట. మనం మందు బిళ్లలు పెట్టం కాబట్టి పప్పు కాకుండా కాయగానే నిల్వ చేయండి. కాయ ఊపితే గలగలమనాలి, లేకపోతే తేమ ఉన్నట్టే, ఇంకా ఎండబెట్టాలి. కాయ మీద గుండ్రటి చిల్లులు, తెల్లటి గూళ్లు కనిపిస్తే పురుగు పడ్డట్టు, ఆ బస్తాలు వెంటనే వేరు చేయండి. వచ్చినప్పుడు, తీసినప్పుడు తూకం రాయండి. చివరికి వచ్చిన తరుగును కూడా ఇదే బస్తా-నెల లెక్కన పంచుకోండి.