ఓళిగలో ఏలక్కాయ, పలావులో ఆకు: షుగరు తగ్గేదెంత?

కోలారు జిల్లా మాలూరు తాలూకాలో లక్కూరు ఒక హోబళి కేంద్రం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం వినిపించే ఈ సీమలో ఒక్కో దినుసుకు రెండు మూడు పేర్లుంటాయి. ఇంట్లో ఏలక్కాయ, అంగట్లో ఏలక్కి, పుస్తకాల్లో యాలకులు. పలావాకు సంగతీ అంతే. కన్నడంలో పలావ్ ఎలె, ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాల నోట బిర్యానీ ఆకు, ప్యాకెట్టు మీద తేజ్‌పత్తా. పేర్లు ఎన్నున్నా ఇబ్బంది లేదు. పేరు ఒకటే ఉండి, వస్తువులు రెండైతేనే చిక్కు. పలావాకు విషయంలో జరిగింది అదే.

అపోహ: రోజూ పరగడుపున పలావాకు కషాయం తాగితే షుగరు దిగుతుంది, పరిశోధనలు కూడా ఆ మాటే చెప్పాయి.

పరిశోధన ఉన్న మాట నిజం. 2009లో పాకిస్తాన్‌లోని పెషావర్ పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్న 40 మందిని నాలుగు జట్లుగా చేశారు. మూడు జట్లకు రోజుకు 1, 2, 3 గ్రాముల చొప్పున ఆకు పొడి నింపిన గొట్టం మాత్రలు ఇచ్చారు. నాలుగో జట్టుకు మందు లేని ఉత్త గొట్టాలు. 30 రోజుల తర్వాత ఆకు పొడి తిన్న మూడు జట్లలోనూ రక్తంలో గ్లూకోజు 21 నుంచి 26 శాతం తగ్గిందని రాశారు. మనవాళ్లు చెప్పుకునే కబుర్లకు మూలాల్లో ఇదొకటి.

అసలు సంగతి ఆకు దగ్గరే ఉంది. పెషావర్‌లో వాడింది మధ్యధరా ప్రాంతపు లారెల్ ఆకు, శాస్త్రీయ నామం లారస్ నోబిలిస్. పేరు కలిసినా, మాలూరు అంగడిలో మసాలా సామాన్లతో కట్టి ఇచ్చే ఆకు అది కాదు. మనది సిన్నమోమమ్ తమాల, అంటే దాల్చినచెక్కకు దాయాది. హిమాలయాల దిగువ కొండల నుంచి, మేఘాలయ వైపు నుంచి వచ్చే ఆకు. తేడా కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చాలు. తొడిమ దగ్గర నుంచి కొన దాకా మూడు ఈనెలు నిలువుగా సాగితే అది మన తేజపత్రం. నడుమ ఒకే ఈనె ఉండి, దాని నుంచి పక్కలకు సన్న కొమ్మలు చీలితే అది లారెల్. నలిపి వాసన చూసినా తెలుస్తుంది. మనదానికి లవంగం, దాల్చినచెక్క కలిసిన వాసన, దానికి నీలగిరి తైలం పోలిక. వాసన వేరంటే లోపలి నూనెలు వేరు. ఒకదాని మీద వచ్చిన ఫలితాన్ని రెండోదానికి అంటగట్టడం, పక్కింటివాళ్ల రక్తపరీక్ష చీటీ చూసి మన మందు మార్చుకోవడం లాంటిది.

ఇంకో రెండు తిరకాసులున్నాయి. పరీక్షలో పాల్గొన్నవాళ్లు పొడి మింగారు, కషాయం తాగలేదు. ఆకు ఉడికిన నీళ్లలోకి దిగేది ఆకులో ఉన్నదంతా కాదు, కొంత మాత్రమే. రెండోది, జట్టుకు పట్టుమని పదిమంది, గడువు నెల రోజులు. 1 గ్రాము తిన్నవాళ్లకూ 3 గ్రాములు తిన్నవాళ్లకూ దాదాపు ఒకే ఫలితం రావడం కూడా ఆలోచించవలసిందే. మందు నిజంగా పనిచేస్తే మోతాదుతోపాటు ఫలితమూ కొంతైనా మారుతుందని వైద్యులు ఎదురుచూస్తారు. ఇది దారి చూపే చిన్న ప్రయత్నమే కానీ, మాత్ర మానేయడానికి ఆధారం కాదు.

మరి కషాయం తాగాక మీటరులో అంకె తగ్గిందని చెప్పేవాళ్ల మాట అబద్ధమా? కాకపోవచ్చు. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు అంతర్జాతీయ ప్రమాణం 100 దాటిన రీడింగుల్లో 15 శాతం దాకా అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటుంది. అసలు గ్లూకోజు 150 ఉంటే, మీటరు 128 చూపినా 172 చూపినా అది చెడిపోయినట్టు కాదు. ముందురోజు 170, కషాయం తాగిన మర్నాడు 132 వస్తే, తగ్గింది షుగరో మీటరు ఊగిసలాటో ఆ రెండు అంకెలతో తేలదు. పైగా అంకె బాగా పెరిగి భయం వేసిన రోజునే మనిషి కషాయం మొదలుపెడతాడు. ఆ రాత్రి అన్నం తగ్గించి, ముద్ద చిన్నది చేసి, పొద్దున కాస్త నడుస్తాడు కూడా. పేరు మాత్రం ఆకుకు దక్కుతుంది. నిజం తేల్చుకోవాలంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలి.

ఇందులో నిజమైన ప్రమాదం ఇంకోచోట ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ, కషాయం తాగాం కదా అని పొద్దుటి ఫలహారం మానేస్తే షుగరు 70 కంటే దిగువకు పడిపోవచ్చు. చెమట, చేతుల వణుకు, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబాటు దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: ఏలక్కాయ వేస్తే తీపి తిన్నా పరవాలేదు.

ఈ మాట పండగ పూట ఎక్కువగా వినబడుతుంది. ఏలక్కాయ మీద కూడా పరీక్షలు జరిగాయి. ఇరాన్‌లో అధిక బరువున్న 83 మంది టైప్ 2 మధుమేహులతో చేసిన పరీక్షలో రోజుకు 3 గ్రాముల చొప్పున పది వారాలు ఏలక్కాయ తీసుకున్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 తగ్గింది. ఆ దేశంలోనే కాలేయానికి కొవ్వు పట్టిన 87 మందికి మూడు నెలలు అదే మోతాదు ఇచ్చారు. ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగుపడింది కానీ పరగడుపు గ్లూకోజులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే ఫలితం ఉందనుకున్నా అది చిన్నది. ఆ చిన్నది కూడా రోజుకు 3 గ్రాములతో వచ్చింది.

ఆ 3 గ్రాములను ఉగాది నాటి ఓళిగలతో కొలిచి చూద్దాం. కిలో కందిబేడలు, కిలో బెల్లం, పది ఏలక్కాయలు. వాటితో 40 ఓళిగలు అయ్యాయనుకుందాం. ఒక ఏలక్కాయ సుమారు 0.2 గ్రాములు తూగుతుంది. తొక్కతో సహా లెక్కేసినా పదికీ 2 గ్రాములే. ఒక్కో ఓళిగలో పడేది 0.05 గ్రాములు, అంటే కాయలో పావువంతు. దాని పక్కనే 25 గ్రాముల బెల్లం. ఇరాన్ పరీక్షలోని మోతాదు అందాలంటే రోజుకు 60 ఓళిగలు తినాలి, వాటితో కిలోన్నర బెల్లమూ లోపలికి పోతుంది. ఏలక్కాయ వాసన తీపిని మరింత తియ్యగా అనిపించేలా చేస్తుందన్నది వంటవాళ్లకు తెలిసిన సంగతే. ఆ గుణాన్ని వాడుకుని బెల్లం నాలుగోవంతు తగ్గిస్తే అది అక్కరకొచ్చే పని.

ఇలాంటి పొరపాటే దగ్గు పొడితోనూ జరుగుతుంది. సితోపలాది చూర్ణంలో ఏలక్కాయ ఉందని, ఆయుర్వేదం కాబట్టి షుగరువాళ్లకు భయం లేదని అనుకుంటారు. సంప్రదాయ పాళ్లు చూస్తే పటికబెల్లం 16, వంశలోచనం 8, పిప్పళ్లు 4, ఏలక్కాయ 2, దాల్చినచెక్క 1. మొత్తం 31 పాళ్లలో సగానికి మించి చక్కెరే. ఆ పేరే పటికబెల్లం మీద వచ్చింది.

అపోహ: కడుపు నొప్పి ఏదైనా రెండు ఏలక్కాయలు నమిలితే పోతుంది.

అన్నం తిన్నాక ఏలక్కాయ నమలడం మంచి అలవాటే. నోరు ఊరుతుంది, వాసన పోతుంది, కడుపు ఉబ్బరం కొందరికి తేలికపడుతుంది. మూలికల మందులను పరిశీలించిన జర్మనీ ప్రభుత్వ నిపుణుల సంఘం, కమిషన్ ఇ, అజీర్తికి ఏలక్కాయ గింజలను రోజుకు 1.5 గ్రాముల దాకా ఒప్పుకుంది. అదే సంఘం పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లను హెచ్చరించింది కూడా. వాళ్లకు ఇది నొప్పిని రేపవచ్చు. తిన్న గంటా రెండు గంటలకు కుడివైపు పక్కటెముకల కింద పట్టేసి, వీపుకో భుజానికో పాకే నొప్పి మాటిమాటికీ వస్తుంటే ఏలక్కాయ పొడి చెంచాలకొద్దీ మింగడం ఆపి స్కానింగు చేయించుకోవాలి. కూరలో పడే ఒకటి రెండు కాయలకు ఈ భయం వర్తించదు. గర్భిణులకూ అంతే, వంటలో వేసినంత సరే, మందులా పొడులూ గొట్టాలూ మాత్రం డాక్టరును అడగకుండా వద్దు.

మధుమేహం ఉన్నవాళ్లకు మరో జాగ్రత్త. వీళ్లలో గుండెపోటు చాలాసార్లు ఛాతీ నొప్పిగా కాక గ్యాసు పట్టినట్టు, ఆయాసంగా, చల్లటి చెమటగా వస్తుంది. నడిస్తే పెరిగే ‘గ్యాసు’కు ఏలక్కాయ నములుతూ కూర్చుంటే పోయే ప్రతి నిమిషం విలువైనదే. అప్పుడు కావలసింది ఈసీజీ.

అపోహ: పలావాకు ఉడికితే మెత్తబడుతుంది, తిన్నా అరిగిపోతుంది.

ఉడకదు, అరగదు. గంటసేపు మరిగినా దాని అంచులు గట్టిగానే ఉంటాయి. ఆకు విషం మాత్రం కాదు, ఆ భయం అనవసరం. చిక్కు దాని గట్టిదనంతోనే. ముక్క గొంతులోనో అన్నవాహికలోనో అడ్డుపడిన కేసులు, పేగుకు గుచ్చుకుని శస్త్రచికిత్స దాకా వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

కోలారు సీమలో ఈ సంగతికి మరికాస్త బరువుంది. ఇక్కడ రాగిముద్దను నమలరు, సారులో ముంచి మింగుతారు. మటన్ సారులో విరిగిన ఆకు ముక్క ఉంటే ముద్దతోపాటే జారిపోతుంది, నాలుకకు తెలియను కూడా తెలియదు. ముక్క ఇరుక్కుంటే ఇంకో పెద్ద ముద్ద మింగించి కిందికి తోయాలని చూస్తారు. అలా చేస్తే అంచు మరింత లోతుగా దిగవచ్చు. మింగుతుంటే పొడిచినట్టుండటం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఉమ్మిలో రక్తపు చార కనిపిస్తే ఆ రోజే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

అందుకే ఆకును తుంచి వేయకూడదు, నూనెలోకి పూర్తి ఆకుగానే వేయాలి. కిలో బియ్యానికి మూడు ఆకులు వేస్తే, వడ్డనకు ముందు మూడూ బయటికి రావాలి. పెళ్లి వంటలో గుండిగలకొద్దీ సారు కాసేటప్పుడు లెక్క నిలవదు కాబట్టి, ఆకులూ చెక్కా లవంగాలూ కలిపి పల్చటి తెల్లగుడ్డలో మూటకట్టి వేసి, దించేటప్పుడు మూట పిండి తీసేస్తే పని తేలిక. మసాలాపొడిలో కలిపేవాళ్లు ఆకును మిక్సీలో తిప్పి, జల్లెడ పట్టి, పైన మిగిలిన ఈనెలను పారేస్తే సరిపోతుంది.