‘బి’ క్రియ లోపాన్ని గుర్తించడం

‘ఆమె చాలా తెలివైనది’ అనే వాక్యంలో క్రియ లేదు. తెలుగులో అది పూర్తి వాక్యమే. ఇంగ్లీషులో క్రియ తప్పనిసరి. కాబట్టి ‘షి వెరీ ఇంటెలిజెంట్’ తప్పు. ‘షి ఈజ్ వెరీ ఇంటెలిజెంట్’ అనాలి.

లోపం తెలియాలంటే తెలుగు వాక్యాన్ని భూతకాలంలోకి మార్చి చూడండి. ‘చిన్నప్పుడు ఆమె చాలా తెలివైనదిగా ఉండేది’ అన్నప్పుడు ‘ఉండు’ బయటపడుతుంది. అక్కడ ఇంగ్లీషులో ‘బి’ రూపం కావాలి.

‘అంగీకరిస్తున్నాను’లో వినిపించే ‘ఉన్నాను’ వల్ల ‘ఐ యామ్ ఎగ్రీ’ అని రాస్తుంటారు. భూతకాలంలో అది ‘అంగీకరించాను’ అవుతుంది, ‘ఉండు’ మిగలదు. ‘ఎగ్రీ’యే క్రియ కనుక ‘ఐ ఎగ్రీ’ చాలు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ‘నాకు సైకిల్ ఉండేది’ అన్నప్పుడు ‘ఉండు’ కనిపించినా, అది సొంతమని చెప్పే వాక్యం కనుక ‘ఐ హ్యాడ్ ఎ సైకిల్’ అనాలి.